ఎల్ఎల్‌పీనా, ప్రైవేట్ లిమిటెడా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

నల్గొండలో ఇద్దరు సివిల్ ఇంజినీర్లు కలిసి డిజైన్ ఆఫీసు పెడుతున్నారనుకుందాం. ఒకరు 7 లక్షలు, ఇంకొకరు 3 లక్షలు పెడుతున్నారు. దాన్ని ఎల్ఎల్‌పీగా, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థగా పెట్టాలా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా పెట్టాలా అన్నదే ప్రశ్న.

ముందు అప్పు సంగతి చూడండి. రెండింట్లోనూ సంస్థ అప్పుకు మీ ఇల్లు, పొలం జోలికి రారు, కానీ బ్యాంకు లోనుకు వ్యక్తిగత గ్యారంటీ రాసిచ్చారంటే ఆ రక్షణ అక్కడితో పోయినట్టే. మీరు వేసిన స్లాబ్ డిజైన్ తప్పైతే బాధ్యత మీదే. ఎల్ఎల్‌పీలో పార్ట్‌నర్ చేసిన తప్పు మాత్రం మీ మెడకు చుట్టుకోదు.

ఎల్ఎల్‌పీ రిజిస్టరైన 30 రోజుల్లో పార్ట్‌నర్ల మధ్య ఒప్పందాన్ని ఫారం 3తో దాఖలు చేయాలి. అందులో వాటాలు రాయకపోతే చట్టం ప్రకారం లాభం సమానంగా పంచాలి, అంటే 7 లక్షలు పెట్టినాయనకూ సగమే వస్తుంది. అందుకే నెట్‌లో దొరికిన నమూనా మీద సంతకం పెట్టకండి, ఒకరు మధ్యలో తప్పుకుంటే లెక్క ఎలా తేల్చాలో కూడా రాయించండి. షరతులు మీకు నచ్చినట్టు రాసుకునే ఇంత స్వేచ్ఛ కంపెనీలో ఉండదు.

ఖర్చు: టర్నోవర్ 40 లక్షల లోపు, పెట్టుబడి 25 లక్షల లోపు ఉంటే ఎల్ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. పని లేని ఏడాదైనా వార్షిక రిటర్న్ అయిన ఫారం 11 మే 30కి, ఖాతాల వివరాలిచ్చే ఫారం 8 అక్టోబర్ 30కి వెళ్లాల్సిందే. కంపెనీకైతే రూపాయి రాకున్నా ఏటా ఆడిట్, బోర్డు మీటింగులు తప్పవు, ఏటి ఖాతాలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారం ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల ఆలస్య రుసుము పడుతూనే ఉంటుంది.

బయటి ఇన్వెస్టర్‌కు షేర్లు ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం కంపెనీయే పెట్టండి.