ఎత్తు వేరు, r వేరు: గ్రావిటేషన్ లెక్కలు ఒకసారి చెక్ చేసుకోండి

నిన్న రాత్రి ట్యూషన్ పిల్లల మాక్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే ఒక లెక్క దగ్గర తల పట్టుకున్నా. భూమి ఉపరితలం నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిరిగే శాటిలైట్ వేగం ఎంత అని అడిగితే చాలామంది సెకనుకి 31.7 కిలోమీటర్లు అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టారు. అరే, భూమిని వదిలేసి పోడానికే 11.2 చాలు కదా, 31.7తో పోయేది మళ్లీ చుట్టూ ఎలా తిరుగుతుంది? అసలు పరీక్షలో ఈ 31.7 కూడా ఆప్షన్లలో పెట్టే ఉంచుతారు, అది గుర్తుపెట్టుకోండి.

యూనిట్లు రాయడం, కిలోమీటర్లని మీటర్లు చేయడం ఇవన్నీ మీ సార్లు చెప్పే ఉంటారు, నేను చెప్పను. నేను చెప్పేది ఒక్కటే, ఎత్తుని తీసుకెళ్లి r స్థానంలో పెట్టకండి. ఫార్ములాలో r అంటే భూమి కేంద్రం నుంచి దూరం. ప్రశ్నలో ఇచ్చేదేమో నేల మీద నుంచి ఎత్తు. కాబట్టి `r = R + h`, అంటే 6400 + 400 = 6800 కిలోమీటర్లు. `v = √(gR²/r)` లో వేస్తే 7.68 వస్తుంది, ఒక చుట్టుకి దాదాపు 92.7 నిమిషాలు. ఎత్తునే r అనుకున్నవాళ్ల లెక్కలో శాటిలైట్ 79 సెకన్లలో భూమిని చుట్టేస్తుంది, పాలు పొంగేలోపు!

ఇక్కడ తప్పు గట్టిగా అరుస్తుంది కాబట్టి నయం. జియోస్టేషనరీ లెక్కలో అరవదు, అదే అసలు ప్రమాదం. ఎత్తు దాదాపు 36,000 అని బట్టీ పట్టి దాన్నే r గా వేస్తే వేగం 3.34 వస్తుంది, సరైనది 3.08, రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అప్పుడు టైమ్ పీరియడ్ కట్టి చూడండి. 36,000తో 18.8 గంటలు వస్తుంది, 42,400తో 24 గంటలు వస్తుంది. దొంగ అక్కడ దొరుకుతాడు.

తర్వాత g, G గొడవ. G విశ్వం మొత్తానికి ఒకటే, 6.67 × 10⁻¹¹. చిన్న g మాత్రం ఏ గ్రహం మీద ఉన్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో దాన్ని బట్టి మారుతుంది, చంద్రుడి మీద 1.6 మాత్రమే. `√(GM/r)` లో G బదులు 9.8 వేస్తే పై శాటిలైట్ వేగం కాంతి వేగానికి పది రెట్లు వస్తుంది, కనీసం అది చూసైనా ఆగుతారు. ఆగనిది ఇంకొకటి ఉంది, `√(gr)` అని రాసి g కి 9.8, r కి 6800 కిలోమీటర్లు వేయడం, ఆన్సర్ 8.16 వస్తుంది, చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ 9.8 నేల మీది విలువ, దానికి జోడీ R మాత్రమే, పైకెళ్లిన r తో దాన్ని కలపకూడదు. పట్టుకోడానికి ఒక గుర్తు చెప్తా, భూమి చుట్టూ వృత్తాకార కక్ష్యలో వేగం ఎప్పుడూ 7.9 దాటదు, పీరియడ్ ఎప్పుడూ 84.6 నిమిషాలకి తగ్గదు, ఎందుకంటే ఆ రెండూ నేలని ఆనుకుని తిరిగితే వచ్చేవి. దాటిందా, తప్పే.

ఇక వరసగా చెప్పుకుపోతా, పేపర్ పక్కన పెట్టుకుని టిక్ కొట్టుకోండి.

ఫార్ములా రాసే ముందు `r = R + h` అని ఒక లైన్ రాయాలి. మనసులో కాదు, కాగితం మీద.

h = R అయితే g లో సగం కాదు, నాలుగో వంతు. h = 2R అయితే తొమ్మిదో వంతు.

`g(1 − 2h/R)` కొద్ది ఎత్తులకే. h = R దగ్గర వేస్తే మైనస్ g వస్తుంది, రాయి పైకి పడుతుందా?

6.4 × 10⁶ ని స్క్వేర్ చేస్తే 10¹². 6.4 ని స్క్వేర్ చేసి 10⁶ ని అలాగే వదిలేసినవాళ్లు నిన్న కూడా ఉన్నారు.

ఫోర్స్‌కి r², పొటెన్షియల్ ఎనర్జీకి ఉత్త r. T² కి r³.

వ్యాసం ఇచ్చారా, సగం చేయండి.

ఒకే బరువున్న రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగితే ఫోర్స్‌లో మధ్య దూరం d, `mv²/r` లో మాత్రం d/2. రెండు చోట్లా ఒకటే వేసేసి ఇంటికి వెళ్లకండి.

మళ్లీ చెప్తున్నా, ఎత్తు r కాదు. "ఉపరితలం నుంచి" అన్నారా "కేంద్రం నుంచి" అన్నారా, ఆ మాట కింద గీత గీశాకే పెన్ను కదలాలి. కేంద్రం నుంచి అని ఇచ్చినప్పుడు మళ్లీ 6400 కలిపేసినవాడు కూడా నా దగ్గరే ఉన్నాడు.