పుస్తకం ఫొటోలోని కణం బొమ్మకు తెలుగు పేర్లు రాయడం ఎలా?

మా అక్క కూతురు పరకాలలో తెలుగు మీడియంలో పదో తరగతి చదివి, హనుమకొండలో ఇంగ్లిష్ మీడియం బైపీసీలో చేరింది. మొదటి నెలలోనే వృక్షకణం బొమ్మను ఫొటో తీసి పంపింది. "చిన్నమ్మా, కేంద్రకం అంటే నాకు తెలుసు. ఇందులో న్యూక్లియస్, న్యూక్లియోలస్ అని రెండున్నయ్. ఏది కేంద్రకం?" అని అడిగింది. ఆ సాయంత్రం ఇద్దరం ఫోన్‌లో కూర్చుని ఆ బొమ్మకు పేర్లు రాసుకున్న పద్ధతి ఇది.

ముందు ఫొటో సరిగ్గా ఉండాలి. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగుతుంది, దానితోపాటు బొమ్మలోని గీతలు కూడా వంగుతాయి. ఆమె మొదటి ఫొటోలో ఎడమవైపు గీత ఎక్కడ ఆగిందో తెలియలేదు. పేజీని చదునుగా నొక్కిపట్టి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో ఫోన్‌ను పేజీకి సరిగ్గా పైన పెట్టి తీయమన్నాను. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చిన్న అక్షరాలు మసకబారతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపింది.

తర్వాత పేర్లకు తొందరపడొద్దు. ఫోన్‌లోని ఎడిట్‌లో ప్రతి గీత బయటి చివర 1, 2, 3 అని అంకెలు వేయండి. ఫొటో మీదే రెండేసి పేర్లు రాస్తే బొమ్మ కనబడదు. అంకెలు బొమ్మ మీద, పేర్లు నోటుబుక్కులో ఉంటే మేలు.

ఇక అసలు పని. గీత ఏ భాగం మీదుగా వెళ్తోందో కాదు, దాని లోపలి కొన ఎక్కడ ఆగిందో చూడాలి. జూమ్ చేసి కొన దాకా వేలుతో వెంటపడండి. మా బొమ్మలో తేలినవి ఇవి:

1. కణకవచం – సెల్ వాల్
2. కణత్వచం – ప్లాస్మా మెంబ్రేన్
3. కేంద్రకం – న్యూక్లియస్
4. కేంద్రకాంశం – న్యూక్లియోలస్
5. హరితరేణువు – క్లోరోప్లాస్ట్
6. కణద్రవ్యం – సైటోప్లాజమ్
7. రిక్తిక – వాక్యువోల్
8. మైటోకాండ్రియా
9. గాల్జీ సంక్లిష్టం – గాల్జీ కాంప్లెక్స్

ఆమె ప్రశ్నకు జవాబు 3, 4 దగ్గర ఉంది. పెద్ద గుండ్రని భాగం మొత్తం కేంద్రకం. దాని లోపల ముదురుగా కనిపించే చిన్న ముద్ద కేంద్రకాంశం. గీత కొన ఆ ముద్ద మీద ఆగితేనే న్యూక్లియోలస్.

ఆమె తడబడ్డది 6 దగ్గర. కొన ఖాళీగా ఉన్నచోట ఆగింది, అందుకే రిక్తిక అని రాసింది. రిక్తికకు చుట్టూ సొంత పొర ఉంటుంది. కొన ఆగినచోటు నుంచి నలువైపులా చూడండి. ఆ ఖాళీని ఒక గీత పూర్తిగా చుట్టేసి ఉంటే అది రిక్తిక. ఖాళీ అలా సాగుతూ హరితరేణువుల మధ్యకు, కేంద్రకం చుట్టూ వెళ్తే కణద్రవ్యం. ఆమెది రెండోది. వృక్షకణంలో రిక్తిక మధ్యలో చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

1, 2 కూడా ఒకదాన్ని ఒకటి అంటుకుని ఉంటాయి. బయటి మందపాటిది కవచం, దాని లోపలి సన్నగీత త్వచం. ఫొటోలో రెండూ ఒకటిగా కలిసిపోతే ఊహించి రాయకండి, ఆ మూల ఒక్కటే దగ్గరగా మళ్లీ ఫొటో తీయండి. కణకవచాన్ని కణకుడ్యం అని, కణత్వచాన్ని ప్లాస్మా పొర అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. మీరు చదివిన పుస్తకంలోని మాటను ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. బొమ్మకొక పేరు, నోట్సుకొక పేరు అయితే పరీక్ష ముందు అనవసర టెన్షన్.

5, 8 రెండూ కోలగా, రెండు పొరలతో ఉంటాయి. లోపల బిళ్లలు పేర్చినట్టు దొంతరలు ఉంటే హరితరేణువు, లోపలి పొర మడతలు పడి ఉంటే మైటోకాండ్రియా.

8కి తెలుగు మాట వెతికి నేను కల్పించలేదు. తెలుగు పుస్తకాల్లోనూ మైటోకాండ్రియా అనే ఉంటుంది. అది బహువచనం, ఒక్కటైతే మైటోకాండ్రియన్. 9లోని గాల్జీ మనిషి పేరు. ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ 1898లో దీన్ని వర్ణించాడు. అందుకే సంక్లిష్టం ఒక్కటే తెలుగులోకి వచ్చింది.

చివరగా, పేర్లు రాసిన పేజీ మూసి, అంకెల ఫొటో మాత్రమే చూస్తూ రెండు పేర్లూ చెప్పమన్నాను. 4 దగ్గర ఆమె ఆగి, జూమ్ చేసి, "ముద్ద మీద ఆగింది చిన్నమ్మా, కేంద్రకాంశం, న్యూక్లియోలస్" అంది. 6 మాత్రం కొట్టేసి మళ్లీ రాసుకుంది.