మీటింగ్ మినిట్స్ ఎలా రాయాలి: ఏది అయింది, ఏది కావాలి, ఎవరు చేస్తారు

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఆరేళ్లుగా మినిట్స్ రాసేది నేనే. ఇంకో రెండు అసోసియేషన్ల వాళ్లు పంపేవి కూడా చదువుతుంటాను. అన్నిట్లో తప్పు ఒకే చోట కనిపిస్తుంది: వాక్యం చివర ఉండే క్రియలో. మిగతా పనులు ఎవరైనా చేయగలరు, అందుకే వాటిని త్వరగా చెప్పేస్తాను.

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. ఫోన్‌లో రికార్డింగ్ వద్దు. గంటన్నర రికార్డింగ్‌ని మళ్లీ కూర్చుని వినేవాళ్లను నేను చూడలేదు, పైగా రికార్డింగ్ ఉందన్న ధైర్యంతో అక్కడ సరిగా రాసుకోరు. పేజీ పైన తేదీ, వచ్చిన వాళ్ల ఫ్లాట్ నంబర్లు రాయండి. ఎవరేమన్నారో అంతా దింపొద్దు. ఒక విషయం తేలినప్పుడల్లా, "అంటే ఇది చేద్దామనే కదా, ఎవరు చేస్తున్నారు?" అని పైకే అడిగి, వచ్చిన జవాబు రాసుకోండి. మర్నాడు రాత్రిలోపు వాట్సాప్‌లో పంపేయండి. మూడో రోజు దాటితే అప్పుడు ఎవరేమన్నారో వచ్చినవాళ్లకే గుర్తుండదు.

ఇక అసలు పని, నిర్ణయాలను వాక్యాలుగా మార్చడం. ఇక్కడ తొందరపడకండి.

తెలుగులో "చేస్తారు" అన్న రూపం రోజూ చేసే పనికీ వాడతాం, రేపు చేయబోయే పనికీ వాడతాం. "ట్రెజరర్ గారు చెక్కు ఇస్తారు" అంటే చెక్కులిచ్చే బాధ్యత ఆయనదనా, ఈ చెక్కు ఆయన ఇవ్వబోతున్నారనా? రెండూ కావచ్చు. ఒకసారి లిఫ్ట్ ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు గురించి అచ్చం ఈ వాక్యమే రాశాను. చెక్కు ఇచ్చేది తానే కాబట్టి ఎవరో వచ్చి అడుగుతారని ట్రెజరర్ గారు ఎదురుచూశారు. ఆయనే ఇచ్చేస్తారని సెక్రటరీ గారు అనుకున్నారు. ఏఎంసీ గడువు దాటిపోయింది. తర్వాత లిఫ్ట్ మూడో అంతస్తులో ఆగిపోతే, మామూలుగా ఉచితంగా వచ్చే మెకానిక్‌కి విజిటింగ్ చార్జీ కట్టాల్సి వచ్చింది. వాళ్లిద్దరిలో ఎవరి తప్పూ లేదు. నా వాక్యానిదే తప్పు. అప్పటి నుంచి తేదీ లేకుండా "చేస్తారు" అని రాయడం మానేశాను. "ట్రెజరర్ గారు జూన్ 12లోపు చెక్కు ఇస్తారు" అన్నామంటే అలవాటు అన్న అర్థం దానికదే పోతుంది.

దీనికన్నా ప్రమాదకరమైంది "జరిగింది". "సంపు శుభ్రం చేయించాలని నిర్ణయం తీసుకోవడం జరిగింది" అని రాస్తే ఆఫీసు భాషలా హుందాగా ఉంటుంది. కానీ ఫోన్‌లో గబగబా చదివేవాళ్ల కళ్లు "సంపు", "శుభ్రం", "జరిగింది" అన్న మూడు మాటల మీదే ఆగుతాయి. సంపు శుభ్రమైపోయిందనుకుంటారు. "జరుగుతుంది" అయితే ఇంకా నష్టం, ఎందుకంటే అందులో చేసే మనిషే లేడు. "రెన్యువల్ చేయడం జరుగుతుంది" అంటే ఎవరు చేస్తారు? నా మినిట్స్‌లో ఈ రెండు మాటలకూ చోటు లేదు, మీరూ ఇవ్వకండి.

ఈ చిక్కులేవీ లేకుండా నేను మూడే రూపాలు వాడతాను. నిర్ణయానికి "నిర్ణయించాం", ఎందుకంటే నిర్ణయం మాత్రం మీటింగ్‌లోనే అయిపోయింది. చేయాల్సిన పనికి మనిషి, తేదీ, ఆ తర్వాత "చేస్తారు". ముందే అయిపోయిన పనికి అది ఎప్పుడయిందో చెప్పి "చేశారు". నిర్ణయాన్నీ పనినీ ఒకే వాక్యంలో ఎప్పుడూ కలపను.

కంపెనీల బోర్డు మీటింగులకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కంపెనీ సెక్రటరీస్ ఆఫ్ ఇండియా వారి సెక్రటేరియల్ స్టాండర్డ్ ఒకటి ఉంది. మినిట్స్ భూతకాలంలో, ప్రథమ పురుషలో రాయాలనీ, తీర్మానాలు మాత్రం వర్తమానంలో ఉండాలనీ అది చెబుతుంది. మా కమిటీలో ఒకరు దాన్నే పాటిద్దామన్నారు. ఇంగ్లీషులో అది కుదురుతుంది. తెలుగులో తీర్మానాన్ని వర్తమానంలోకి తెస్తే మళ్లీ ఆ "చేస్తారు" దగ్గరికే వచ్చి పడతాం. అపార్ట్‌మెంట్ కమిటీకి ఆ స్టాండర్డ్ వర్తించదు కూడా, కాబట్టి నా పద్ధతే ఉంచాను.

ఒక ఉదాహరణ చూడండి. జూన్ 7 మీటింగ్ అయ్యాక కొత్తగా కమిటీలోకి వచ్చినవారు రాసి నాకు చూపించింది ఇది:

"సంపు క్లీనింగ్ గురించి చర్చించడం జరిగింది. 302 వాళ్లు మనిషిని మాట్లాడారు, వచ్చే వారం చేయిస్తాం. పెయింటింగ్ సంగతి కొటేషన్లు వచ్చాక చూద్దాం."

మొదటి వాక్యం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు, తీసేశాం. రెండో దాంట్లో "మాట్లాడారు" అయిపోయిన పని, "చేయిస్తాం" కాబోయే పని. మొదటిదానికి కర్త 302, రెండోదానికి కర్త ఎవరో లేదు. 302 వాళ్లు తమ పని అయిపోయిందనుకుంటారు, మిగతావాళ్లు వాళ్లే దగ్గరుండి చేయిస్తారనుకుంటారు. పైగా 302లో భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. మీటింగ్‌కి వచ్చింది ఆవిడ, వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఆయన. "వచ్చే వారం" అన్నది కూడా చదివే రోజును బట్టి మారిపోతుంది.

చివరి వాక్యంలో "చూద్దాం" ఉంది. మన మీటింగుల్లో ఈ మాటకు ఒప్పుకున్నామనీ, వద్దనుకున్నామనీ, తర్వాత మాట్లాడదామనీ మూడు అర్థాలున్నాయి. అన్నవాళ్లనే అడిగి తేల్చుకోవాలి, మనం ఊహించి రాయకూడదు. అడిగితే వాయిదా అని తేలింది. మార్చాక ఇలా వచ్చింది:

"నిర్ణయం: సంపు శుభ్రం చేయించాలని నిర్ణయించాం.
అయిన పని: 302 మేడమ్ జూన్ 5న మనిషితో మాట్లాడి రేటు కనుక్కున్నారు.
చేయాల్సిన పని: సెక్రటరీ గారు జూన్ 14న దగ్గరుండి శుభ్రం చేయిస్తారు.
వాయిదా: పెయింటింగ్ మీద నిర్ణయం తీసుకోలేదు. 104 సార్ జూన్ 30లోపు మూడు కొటేషన్లు తెస్తారు."

పనికి ఒక్కరి పేరే రాయండి. "కమిటీ చూసుకుంటుంది" అని రాస్తే ఆ పని ఎవరూ చూసుకోరు. ఇద్దరు కలిసి చేసేదైనా, ఫోన్ చేసి అడిగితే జవాబు చెప్పేది ఎవరో వాళ్ల పేరే ఉండాలి. మీటింగ్‌కి రానివాళ్ల మీద పని పెడితే, పంపే ముందు వాళ్లకు ఫోన్ చేసి ఒప్పించండి.

పంపే ముందు ఒక పరీక్ష చేస్తాను. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది కాబట్టి, పై నుంచి కిందికి చివరి మాటలే చదువుకుంటూ వస్తాను: నిర్ణయించాం, కనుక్కున్నారు, చేయిస్తారు, తీసుకోలేదు, తెస్తారు. "స్తారు" కనిపించిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి మనిషి, తేదీ ఉన్నాయా అని చూస్తాను. "చేయాలి" అని మిగిలిపోతే ఎవరు చేయాలో రాయడం మర్చిపోయానన్నమాట. దీనికి రెండు నిమిషాలు చాలు.

పంపాక ఎవరైనా తప్పు చూపిస్తే పాత మెసేజ్ డిలీట్ చేయకండి, సవరణ అని విడిగా పంపండి. అప్పటికే సగంమంది మొదటిది చదివేసి ఉంటారు. తర్వాతి మీటింగ్ మినిట్స్ మొదలుపెట్టేది పాత "చేస్తారు" వాక్యాలతోనే. ఒక్కొక్కదాన్నీ తేదీతో "చేశారు"గా గానీ, కొత్త తేదీతో "చేయలేదు"గా గానీ మార్చి పైన పెట్టి, దాని కింద కొత్తవి రాయండి.