రిజెక్ట్ మెయిల్ ఎంతసేపటికి వచ్చిందో చూడండి

రిజెక్షన్ రాగానే రెజ్యూమే మొత్తం తిరగరాయకండి, ముందు అప్లై చేసిన ఎంతసేపటికి వచ్చిందో చూడండి. నిమిషాల్లో వచ్చిందంటే చాలావరకు మనిషి చదివి ఉండరు, ఫారంలో మీరిచ్చిన ఏదో జవాబే ఆపేసి ఉంటుంది. నల్గొండలో ఉండే మా తమ్ముడికి ఇట్లనే 6 వచ్చాయి, వాడు రెజ్యూమే మూడుసార్లు మార్చాడు గానీ అసలు సంగతేందంటే "హైదరాబాద్‌కు మారతారా?" అన్న చోట ప్రతిసారీ 'లేదు' అని పెట్టాడు, రోజూ బస్సులో వెళ్లొస్తా కదా అనుకొని. అది 'అవును' చేశాక పాత రెజ్యూమేకే కాల్స్ వచ్చాయి.

కాల్‌లో మాట్లాడాక సైలెంట్ అయ్యారంటే రెజ్యూమే తన పని చేసినట్టే, జీతం, నోటీస్ పీరియడ్ గురించి మీరేం చెప్పారో గుర్తుచేసుకోండి. ఒకే రకం పోస్టులకు 20 పంపినా ఒక్క కాల్ రాకపోతే మాత్రం పైన ఉండే టైటిల్, మొదటి నాలుగు లైన్లు ఆ ప్రకటనలతో పోల్చి మార్చండి.