అమ్మకాల మెయిళ్లు – 4వ పాఠం: స్టాల్ దగ్గర మాట్లాడిన మనిషిని మీటింగ్ అడగడం

పోయిన పాఠంలో సబ్జెక్ట్ లైన్ చూశాం. ఈసారి, కాన్ఫరెన్స్ స్టాల్ దగ్గర మూడు నాలుగు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయినవారికి రాసే మెయిల్.

ఈ మెయిల్ పని స్టాల్ దగ్గరే మొదలవుతుంది. బ్యాడ్జ్ స్కాన్ చేస్తే పేరు, కంపెనీ, మెయిల్ ఐడీ వస్తాయి గానీ మాట్లాడింది రాదు. అందుకే మాట్లాడినాయన అటు వెళ్లగానే మూడు సంగతులు రాసిపెట్టుకోండి: ఆయన చెప్పిన ఇబ్బంది, అడిగిన ప్రశ్న, మీరిచ్చిన మాట. ఇబ్బందిని ఆయన మాటల్లోనే రాయాలి. సాయంత్రం రాద్దామనుకుంటే ఒకరి మాట ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

మనం బార్‌కోడ్ స్కానర్లు అమ్ముతున్నాం అనుకుందాం. వచ్చినాయన ఒక గోదాం మేనేజర్. మర్నాడు పంపే మెయిల్ ఇది:

*సబ్జెక్ట్: కోల్డ్ రూమ్ స్కానర్ – మీరు అడిగిన గ్లవ్స్ సంగతి*

*నమస్కారం సర్,*

*నిన్న మా స్టాల్ దగ్గర కలిశాం. కోల్డ్ రూమ్ నుంచి బయటికి తెస్తే స్కానర్ అద్దం మసకబారుతోందని, అప్పుడు మీవాళ్లు నంబర్లు చేత్తో కొట్టాల్సి వస్తోందని చెప్పారు. మందపాటి గ్లవ్స్‌తో వాడొచ్చా అని అడిగితే కనుక్కుని చెప్తానన్నాను. పిస్టల్‌లా పట్టుకునే మోడల్‌ని గ్లవ్స్ తీయకుండానే వాడొచ్చు. అద్దాన్ని వెచ్చగా ఉంచే రకం కూడా ఉంది. అది మీకు సరిపోతుందా అన్నది మీ గది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది.*

*మంగళవారం ఉదయం 11కి గానీ బుధవారం సాయంత్రం 4కి గానీ 20 నిమిషాలు ఆన్‌లైన్‌లో కలుద్దామా? మీ గది ఉష్ణోగ్రతకు ఆ రకం సరిపోతుందో లేదో చూద్దాం, రెండు మోడళ్లూ వాడి చూపిస్తాను. ఈ పని చూసేది వేరేవారైతే వారి పేరు చెప్పినా చాలు.*

మీటింగ్ అడగడానికి ముందే ఆయన ప్రశ్నకు జవాబు ఇచ్చేశాం, గమనించారా? ఆ ఒక్క ప్రశ్న కోసం ఆయన మీటింగ్‌కి రానక్కర్లేదు. రావాల్సింది ఇంకా తేలని రెండో విషయం కోసం, అంటే మసకబారే అద్దం సంగతి కోసం. ఇలా రాస్తే 20 నిమిషాలు దేనికో ఆయనకు ముందే తెలుస్తుంది.

చాలామంది ఇక్కడ "మీరు మా స్కానర్లపై ఎంతో ఆసక్తి చూపారు" అని రాస్తారు. ఆయన ఆసక్తి చూపలేదు, ఒక ప్రశ్న అడిగారు, అంతే. అనని మాట అన్నట్టు రాస్తే అది అందరికీ పంపే మెయిలే అని ఆయనకు వెంటనే అర్థమైపోతుంది. సరిగ్గా గుర్తులేకపోతే గుర్తున్నంతే రాయండి, మిగతాది ఊహించి పూరించొద్దు.

అలాగే, ఇప్పుడున్న సప్లయర్ మీదో తన పైఆఫీసర్ మీదో ఆయన చెప్పుకున్న విసుగు మెయిల్‌లోకి రాకూడదు. ఈ మెయిల్‌ని ఆయన ఆ ఆఫీసర్‌కే ఫార్వర్డ్ చేయొచ్చు కదా.

అభ్యాసం: ఈమధ్య మీరు ఎవరితోనైనా కాసేపే మాట్లాడిన సందర్భం తీసుకోండి. ఆ మూడు సంగతులూ రాసి, మీ కంపెనీ పేరు గానీ వస్తువును పొగిడే మాట గానీ లేకుండా మొదటి రెండు వాక్యాలు రాయండి. జవాబు రానప్పుడు పంపే రెండో మెయిల్ వచ్చే పాఠంలో.