కొత్త బూట్లు కరిస్తే: పొక్కును పొడవాలా, వదిలేయాలా?

చిత్తూరు నుంచి తిరుమలకు ఏటా మా గుంపుతో నడుస్తాను. కింద రోడ్డే దాదాపు 70 కిలోమీటర్లు, ఆపైన అలిపిరి మెట్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు పాకాల చేరేసరికే కుంటుతుంటారు, అడిగితే మొన్ననే కొన్న బూట్లంటారు.

బూట్లు కనీసం రెండు వారాల ముందు కొనండి, అదీ సాయంత్రం పూట, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రోజూ గంటసేపు వేసుకుని వీధిలో తిరగండి. నూలు సాక్సులు వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి. పాలిస్టర్ కలిసిన పలుచటివి రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేస్తే రాపిడి చాలావరకు ఆ రెండు గుడ్డల మధ్యే జరిగిపోతుంది. సంచిలో పేపర్ టేపు, గాజు గుడ్డ, పెట్రోలియం జెల్లీ, అయోడిన్ మందు, సీలు తీయని సిరంజి సూదులు రెండు మూడు. అంతే.

నడుస్తుంటే మడమ చురుక్కుమందా, అక్కడే ఆగండి. 'ఆ చెట్టు దాకా పోయి చూద్దాంలే' అంటే పొక్కు వచ్చేసినట్టే. అడుగు వేసినప్పుడల్లా లోపల ఎముక కదులుతుంది, పై చర్మం మాత్రం సాక్సును పట్టుకుని నిలబడిపోతుంది, మధ్య పొరలు లాగి లాగి విడిపోయి ఆ సందులో నీరు చేరుతుంది. ఎర్రబడ్డ దశలోనే పాదం తుడిచి ఆరబెట్టి, మూలలు గుండ్రంగా కత్తిరించిన పేపర్ టేపు ముడత లేకుండా అంటిస్తే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది.

ఇక పొక్కు లేచాక ఏం చేయాలన్నదే అందరూ పాడు చేసేది. మా బావమరిది సంగతే చెబుతాను. పాకాల దాటాక బూటు విప్పితే మడమ వెనక రూపాయి బిళ్లంత పొక్కు, బిర్రుగా ఉబ్బి ఉంది, కాలు మోపలేడు. పక్కనే ఒక పెద్దాయన, సూదికి దారం ఎక్కించి పొక్కులోంచి దూర్చి దారం అలాగే వదిలేయమన్నాడు, నీళ్లు కారిపోతాయట. నీళ్లు కారుతాయి నిజమే, ఆ దారం వెంబడే రోడ్డు మీది మురికి కూడా లోపలికి పోతుంది. టూత్‌పేస్టు పూసేవాళ్లతోనూ నాకు ఇదే గొడవ.

నా లెక్క ఇది. చిన్నదై, నొప్పి లేకపోతే ముట్టుకోవద్దు, ఆ తోలును మించిన కట్టు ఏ మెడికల్ షాపులోనూ దొరకదు. పెద్దదై, బిర్రుగా ఉండి, నడక ఆపేస్తుంటేనే పొడవాలి. లోపల నీటికి బదులు రక్తం కనిపిస్తే పొడవొద్దు. షుగరు ఉన్నవాళ్లకు, కాళ్లలో రక్తప్రసారం సరిగా లేనివాళ్లకు ఎంత చిన్న పొక్కయినా మీరు సూది పెట్టొద్దు, డాక్టరుకు చూపించండి. మా గుంపులో షుగరున్న మామకు బొటనవేలి పక్కన చిన్నది లేస్తే ఆయన ఎంత తిట్టినా వినకుండా బస్సెక్కించేశాం.

బావమరిదిది పొడవాల్సిన పొక్కే. ముందు నా చేతులు, వాడి మడమ సబ్బుతో కడిగి అయోడిన్ రాశాను. పిన్నీసును అగ్గిపుల్లతో కాల్చి వాడేవాళ్లుంటారు, మసి లోపలికి పోతుంది, కొత్త సూదికి ఎంతవుతుంది చెప్పండి? పొక్కు నడినెత్తిన పొడవకూడదు, అంచున, కింది వైపు, రెండు మూడు చిన్న రంధ్రాలు చేయాలి. తర్వాత గాజు గుడ్డతో మెల్లగా అదిమితే నీరు దానంతటదే దిగుతుంది. ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది, వదులైన తోలును పీకేయాలనిపిస్తుంది. పీకొద్దు. దాని కింది చర్మం పచ్చిగా ఉంటుంది, చెమట ఉప్పు తగిలితే ప్రాణం పోతుంది. తోలును సాపుగా పరిచి, జెల్లీ రాసి, గాజు గుడ్డ వేసి, టేపును చుట్టూ ఉన్న మంచి చర్మానికే అంటించాను. టేపు నేరుగా పొక్కు మీద అంటిస్తే, విప్పేటప్పుడు తోలంతా దాంతోనే వస్తుంది. మొదటి రోజు మళ్లీ నీరు నిండొచ్చు, అప్పుడు ఇంకో కొత్త సూదితో మళ్లీ ఇదే పని.

మిగతా రోడ్డంతా వాడు పాత చెప్పులతో నడిచాడు, మడమకు పట్టీ తగలనివి. మెట్ల మీద చెప్పులుండవు కదా, కట్టు తొందరగా తడిసి దుమ్ము పడుతుంది, అందుకే గాలి గోపురం దగ్గర ఒకసారి, పైన ఒకసారి మార్చాం. ఇంటికొచ్చాక కూడా రోజుకోసారి విప్పి చూడమన్నాను. చీము పట్టినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, మడమ వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. వాడికి అవేమీ రాలేదు, వారానికల్లా తోలు ఎండి దానంతటదే ఊడింది. బూట్లు మాత్రం ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.