నిరంతర ధరలపై ఆధారపడే ప్రోగ్రామ్‌ను నడిపే ముందు జాగ్రత్తలు

ముందురోజు 100 రూపాయల వద్ద ముగిసిన, 5 శాతం పరిమితి గల షేరు ఆ రోజుకు అనుమతించిన కనిష్ఠ ధర అయిన 95 వద్ద లోయర్ సర్క్యూట్‌ను తాకితే, అమ్మేవారే మిగిలి కొనుగోలు ధర సున్నాగా రావచ్చు; అప్పుడు కొనుగోలు, అమ్మకం ధరల సగటు తీసే ప్రోగ్రామ్ 47.50 అనే లేని ధరను సృష్టిస్తుంది. కాబట్టి రెండు వైపులా ఆర్డర్లు ఉన్నప్పుడే సగటు లెక్కించేలా చూసుకోవాలి. నష్టాన్ని పరిమితం చేయడానికి ముందే పెట్టుకున్న స్టాప్‌లాస్ ఆర్డర్ అక్కడ అమలవుతుందని అనుకోకూడదు. కొనేవారు లేనిచోట అది వరుసలో నిలబడుతుంది, అంతే.

మార్కెట్ మొత్తం ఆగడం వేరే సంగతి. 2020 మార్చి 23న సూచీలు 10 శాతం పడినందున ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగి, ఆపై ప్రీ ఓపెన్ వేలంతో మళ్లీ మొదలైంది. అటువంటి విరామాన్ని పాత ధరతో నింపితే ఒడిదుడుకుల లెక్క కృత్రిమంగా తగ్గుతుంది కనుక, ఆ నిమిషాలను ఖాళీగానే ఉంచాలి. కనెక్షన్ తెగినా ధరలు ఇలాగే ఆగుతాయి కాబట్టి, ఎక్స్ఛేంజ్ పంపే స్థితి సందేశాన్ని కూడా సరిచూడాలి.